పల్మనరీ హైపర్‌టెన్షన్: ఎకో రిపోర్టులో ప్రెజర్ తగ్గిందా? సంబరపడే ముందు ఇది చూడండి.. గుండె కుడి గది అలసిపోయి ఉండొచ్చు!

విశాఖపట్నం: చేతికి పట్టీ కట్టి చూస్తే బీపీ 120/80. అంతా నార్మలే. కానీ రెండంతస్తుల మెట్లెక్కితే ఆయాసం, సాయంత్రానికి కాళ్ల వాపు. బొగ్గు, ఇనుప ఖనిజం దిగే పోర్టు, స్టీల్ ప్లాంట్ ఉన్న ఊరు కావడంతో విశాఖలో ఇలాంటి వాళ్లకు ముందుగా వినిపించే మాట ఒకటే.. ‘దుమ్ము వల్ల వచ్చిన ఆయాసం’. కొందరి విషయంలో అది నిజమే. కానీ కొందరిలో అసలు సమస్య చేతి పట్టీకి దొరకని మరో బీపీ. అదే పల్మనరీ హైపర్‌టెన్షన్.

ఈ బీపీ ఎక్కడ ఉంటుంది?

గుండెలో కింది గదులు రెండు. ఎడమ గది ఒళ్లంతటికీ రక్తం పంపుతుంది. కుడి గది మాత్రం పక్కనే ఉన్న ఊపిరితిత్తులకు పంపుతుంది. చేతి పట్టీ కొలిచేది ఎడమ గది ప్రెజర్‌ను. కుడి గది నుంచి ఊపిరితిత్తులకు వెళ్లే రక్తనాళంలో సగటు ప్రెజర్ మామూలుగా 14 దగ్గర ఉంటుంది. 20 దాటితే పల్మనరీ హైపర్‌టెన్షన్ అంటారు. గతంలో ఈ హద్దు 25గా ఉండేది. 2018లో జరిగిన అంతర్జాతీయ నిపుణుల సదస్సు దాన్ని 20కి తగ్గించాలని సూచించగా, 2022 యూరప్ మార్గదర్శకాలూ అదే ఖాయం చేశాయి.

కుడి గదికే ఎందుకంత కష్టం?

ఎడమ గది గోడ మందం దాదాపు ఒక సెంటీమీటరు. కుడి గది గోడ 3 నుంచి 5 మిల్లీమీటర్లే. తక్కువ ప్రెజర్‌తో ఎక్కువ రక్తం తోయడానికే దాని నిర్మాణం. గ్రౌండ్ ఫ్లోర్ ట్యాంకుకు పెట్టిన చిన్న మోటారుతో ఐదో అంతస్తుకు నీళ్లు ఎక్కించమంటే ఎలా ఉంటుందో, ఊపిరితిత్తుల నాళాలు ఇరుకైతే కుడి గది పరిస్థితి అలాగే ఉంటుంది.

అయితే గుండె కండరం మోటారు లాంటిది కాదు. బరువు పెరిగితే తానూ పెరుగుతుంది. ప్రెజర్ నెలల తరబడి మెల్లగా పెరిగితే కుడి గది గోడ మందమెక్కి, గట్టిగా తోసి కొన్నాళ్లు నెట్టుకొస్తుంది. ఈ దశలో మనిషికి పెద్దగా ఏమీ తెలియదు. అదే పెద్ద రక్తపు గడ్డ ఒక్కసారిగా ఊపిరితిత్తుల నాళానికి అడ్డుపడితే, సిద్ధంగా లేని పలుచటి గోడ సగటున 40కి మించి ప్రెజర్ పుట్టించలేక చేతులెత్తేస్తుంది. ఏళ్లుగా అలవాటుపడిన గది మాత్రం అంతకంటే ఎక్కువ ప్రెజర్‌నూ తట్టుకుంటుంది.

ఆ ఓర్పుకూ ఒక హద్దు ఉంది. మందమెక్కిన కండరానికి ఆక్సిజన్ ఎక్కువ కావాలి. మామూలుగా కుడి గది కండరానికి గుండె ముడుచుకున్నప్పుడూ, వదులైనప్పుడూ రక్తం అందుతుంది. లోపల ప్రెజర్ పెరిగితే ముడుచుకున్న సమయంలో వచ్చే వాటా తగ్గిపోతుంది. పని పెరిగింది, తిండి తగ్గింది. దాంతో గది ముడుచుకోలేక సాగడం మొదలుపెడుతుంది. సాగిన గదిలో వాల్వు సరిగ్గా మూసుకోక రక్తం వెనక్కి కారుతుంది. రెండు గదుల మధ్య గోడ ఎడమ వైపు నొక్కుకుపోయి, ఎడమ గదికీ చోటు తగ్గుతుంది. అందుకే కాళ్లు, పొట్ట వాపు, ఆకలి మందగించడం, శ్రమ చేస్తే కళ్లు తిరిగి పడిపోవడం లాంటివి కనిపిస్తాయి.

ప్రెజర్ తగ్గినా ప్రమాదమే.. ఎలాగంటే?

చాలామంది పొరపడేది ఇక్కడే. ఒక ఊహాజనిత ఉదాహరణ తీసుకుందాం. పోర్టులో పనిచేసే 50 ఏళ్ల వ్యక్తికి రెండేళ్ల కిందట కాలి నరంలో రక్తపు గడ్డ కట్టింది. కొన్ని నెలలు మందులు వాడి ఆపేశాడు. ఇప్పుడు ఆయాసం. దుమ్ము వల్లే అనుకున్నాడు.

ఎకో పరీక్షలో కుడి గది వాల్వు నుంచి వెనక్కి కారే రక్తం వేగం సెకనుకు 4 మీటర్లు. ఆ వేగాన్ని దానితోనే గుణించి, మళ్లీ 4తో గుణించాలి. 64 వచ్చింది. పై గదిలో ఉండే ప్రెజర్ అంచనా 8 కలిపితే 72. రిపోర్టులో ఆర్‌వీఎస్‌పీ అని రాసేది దీన్నే. ఇది గుండె ముడుచుకున్నప్పటి గరిష్ఠ ప్రెజర్. పైన చెప్పిన 20 హద్దు సగటుది కాబట్టి రెండింటినీ పోల్చకూడదు.

ఏడాది తర్వాత మళ్లీ ఎకో. ఈసారి వేగం 3.5 మీటర్లు. లెక్క వేస్తే 49, పై గది ప్రెజర్ 15 కలిపితే 64. అంటే 72 నుంచి 64కి తగ్గింది. ఇంట్లో వాళ్లు ఊపిరి పీల్చుకున్నారు. కానీ ఆయన నడిచే దూరం సగమైంది, కాళ్ల వాపు పెరిగింది.

అదే రిపోర్టులో కింద మరో అంకె ఉంది. కుడి గది ముడుచుకున్నప్పుడు దాని అంచు ఎంత కదులుతుందో చెప్పే ట్యాప్సీ. 17 మిల్లీమీటర్ల కంటే తగ్గితే కుడి గది బలహీనపడిందని అర్థం. ఆయనకు మొదట 19 ఉంటే, ఇప్పుడు 12. అంటే నాళాలు బాగుపడి ప్రెజర్ తగ్గలేదు. తోసే శక్తి లేక తగ్గింది. పై గది ప్రెజర్ 8 నుంచి 15కి పెరగడం కూడా వెనక రక్తం నిలిచిపోతోందనే చెబుతోంది. అందుకే ఆర్‌వీఎస్‌పీ ఒక్కటే చూడకూడదు. కుడి గది సైజు, ట్యాప్సీ, మనిషి నడవగలిగే దూరం అన్నీ కలిపి చూడాలి.

కారణం తేలితేనే చికిత్స

పల్మనరీ హైపర్‌టెన్షన్‌కు దారితీసే సమస్యలు చాలా ఉన్నాయి. గుండె ఎడమ వైపు జబ్బు, చిన్నప్పటి కీళ్ల జ్వరంతో ఇరుకైన మైట్రల్ వాల్వు, పుట్టుకతో గుండెలో రంధ్రం లాంటివి. పొగ, సిలికా దుమ్ముతో పాడైన ఊపిరితిత్తులూ కారణమే. గాలి సరిగా అందని చోట రక్తనాళాలు ముడుచుకుంటాయి, దెబ్బతిన్న చోట సన్న నాళాలే పోతాయి.

పై ఉదాహరణలోని వ్యక్తికి అడగాల్సిన ప్రశ్న వేరు. కరగకుండా మిగిలిన పాత గడ్డలు ఊపిరితిత్తుల్లో ఉన్నాయా? వీక్యూ స్కాన్ ఆ సంగతి తేలుస్తుంది. గాలి అందుతున్నా రక్తం వెళ్లని భాగాలు అందులో బయటపడతాయి. గడ్డలే కారణమైతే, వాటిని ఆపరేషన్‌తో నాళం లోపలి పొరతో సహా తీసేసే అవకాశం ఉంటుంది. ఆపరేషన్ కుదరనివారికి బెలూన్‌తో నాళాలు తెరిచే పద్ధతి, మందులు ఉన్నాయి. రక్తం పలుచబడే మందు మాత్రం జీవితాంతం వాడాల్సిందే.

ఎకో ఇచ్చేది అంచనానే. ఖాయంగా తేల్చేది నరం గుండా సన్నని గొట్టం పంపి కుడి గదిలో నేరుగా ప్రెజర్ కొలిచే పరీక్ష. సిల్డెనాఫిల్ లాంటి మందులు కొన్ని రకాలకే పనికొస్తాయి. ఎడమ గుండె జబ్బు వల్ల వచ్చినవారికి, సొంతంగా వాడేవారికి హాని చేయొచ్చు.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు పాత, కొత్త ఎకో రిపోర్టులు రెండూ తీసుకెళ్లండి. గతంలో కాలికి గానీ, ఊపిరితిత్తులకు గానీ గడ్డ కట్టి ఉంటే ఆ మాట ముందే చెప్పండి. ఆయాసంతో పాటు స్పృహ తప్పినా, పెదాలు నీలిరంగుకు మారినా ఆలస్యం చేయకుండా ఎమర్జెన్సీకి వెళ్లాలి.