ఒక్క సోడియం పరమాణువు ఎన్ని కిలోగ్రాములు?

"సోడియం పరమాణు ద్రవ్యరాశి 22.99 ఎ.ఎమ్.యు. ఒక సోడియం పరమాణువు ద్రవ్యరాశిని కిలోగ్రాములలో కనుక్కోండి." ఇలాంటి లెక్క మీకు తగిలే ఉంటుంది. చేసేది ఒక్క గుణకారమే. అయినా చాలామంది జవాబు వెయ్యి రెట్లో, పది లక్షల రెట్లో తప్పుతుంది. ఎందుకో చూద్దాం.

ముందుగా ఈ ఎ.ఎమ్.యు. అంటే ఏమిటి? కార్బన్-12 పరమాణువు ద్రవ్యరాశిని పన్నెండు సమభాగాలుగా ఊహించుకోండి. అందులో ఒక భాగమే ఎ.ఎమ్.యు., అంటే పరమాణు ద్రవ్యరాశి ప్రమాణం. 12 గ్రాముల కార్బన్-12లో 6.022 × 10²³ పరమాణువులుంటాయని మీకు తెలుసు. కనుక ఒక్కొక్క పరమాణువు ద్రవ్యరాశి 12 ÷ (6.022 × 10²³) గ్రాములు. అందులో పన్నెండో వంతు 1 ÷ (6.022 × 10²³) గ్రాములు, అంటే 1.6605 × 10⁻²⁴ గ్రాములు.

తప్పు జరిగేది సరిగ్గా ఇక్కడే. వచ్చింది గ్రాములలో, మనకు కావలసింది కిలోగ్రాములలో. గ్రాము కిలోగ్రాములో వెయ్యోవంతు గనుక 10⁻³తో గుణించాలి. అప్పుడు ఘాతాంకం -24 నుండి -27కు దిగుతుంది. తొందరలో కొందరు 1000తో గుణించి -21 అని వేస్తారు. మరి కొందరు అసలు మార్చడమే మరచి, -24 పక్కన కిలోగ్రాములని రాసేస్తారు.

కాబట్టి 1 ఎ.ఎమ్.యు. = 1.6605 × 10⁻²⁷ కి.గ్రా. ఇక సోడియం లెక్క సులభం:

22.99 × 1.6605 × 10⁻²⁷ = 38.17 × 10⁻²⁷ = 3.817 × 10⁻²⁶ కి.గ్రా.

చివరి మెట్టు గమనించారా? 38.17ను 3.817 చేసినప్పుడు పదితో భాగించాం. అందుకే ఘాతాంకాన్ని ఒకటి పెంచాం. -27కు ఒకటి కలిపితే -26 అవుతుంది గాని -28 కాదు.

జవాబు సరైనదో కాదో మీరే తేల్చుకోవచ్చు. దాన్ని 6.022 × 10²³తో గుణించండి. 0.02299 కి.గ్రా., అంటే 22.99 గ్రాములు రావాలి. ఒక మోల్ సోడియం ద్రవ్యరాశి అదే కదా! మీకు 22.99 కిలోగ్రాములు వచ్చిందంటే, గ్రాములను కిలోగ్రాములుగా మార్చడం మరచారన్నమాట.

ఒక హెచ్చరిక. ప్రకృతిలో దొరికే సోడియం పరమాణువులన్నీ ఒకే రకం, సోడియం-23. అందుచేత ఈ జవాబు నిజంగా ఒక పరమాణువుకు చెల్లుతుంది. క్లోరిన్ సంగతి వేరు. దాని 35.45 అనే విలువ క్లోరిన్-35, క్లోరిన్-37 ఐసోటోపుల సగటు. దాన్ని కిలోగ్రాములలోకి మార్చితే వచ్చేది సగటు ద్రవ్యరాశే. సరిగ్గా అంత తూగే క్లోరిన్ పరమాణువు ప్రకృతిలో ఒక్కటీ దొరకదు.