తెరమీద నీడలు: పోయేవి, పోనివి

మందుల షాపులో పొద్దున్నుంచి రాత్రి దాకా ఒకే బిల్లింగ్ పేజీ వెలుగుతూ ఉంటుంది. దాన్ని మూసేశాక కూడా గళ్ల గీతలు తెరమీద లేతగా కనిపిస్తుంటే యజమానికి గుండె జారుతుంది. కొత్త మానిటర్ కొనే ముందు చేయాల్సిన పని ఒకటుంది. స్క్రీన్‌షాట్ తీసి ఫోన్లో చూడాలి. అందులోనూ గీతలుంటే తప్పు కంప్యూటర్‌ది. లేకపోతే ప్యానెల్‌దే.

ఆ మానిటర్ ఎల్‌సీడీ అయితే కంగారు అక్కర్లేదు. అందులో ద్రవ స్ఫటికాలు కరెంటుకు తగ్గట్టు తిరుగుతూ, వెనక దీపం వెలుగును అడ్డుకుంటాయి లేదా వదులుతాయి. గంటల తరబడి ఒకే బొమ్మ నిలిస్తే ప్యానెల్లో విద్యుదావేశం కొద్దిగా ఒక పక్కకు పేరుకుని, స్ఫటికాలు పూర్తిగా తమ చోటుకు రావు. రాత్రంతా ఆపేసినా, తెరనిండా తెలుపు లేదా కదిలే వీడియో కొన్ని గంటలు నడిపినా ఈ నీడ చాలావరకు పోతుంది. రోజుల తరబడి ఇలా చేసినా తగ్గకపోతే మాత్రం అది ఉండిపోయేదే. ఏళ్లపాటు రాత్రింబవళ్లు ఒకే బొమ్మ చూపిన తెరల్లో ఇలా జరుగుతుంది.

ఓలెడ్ కథ వేరు. అక్కడ వెనక దీపం లేదు. ప్రతి చుక్కా తనే వెలిగే సేంద్రియ పదార్థం, వెలిగిన కొద్దీ అరుగుతుంది. నీలం అన్నిటికంటే ముందు నీరసిస్తుంది. కెనడాకు చెందిన ఆర్టింగ్స్ సంస్థ 2018లో ఒకే మోడల్ ఓలెడ్ టీవీలు ఆరింటిని రోజుకు 20 గంటల చొప్పున నడిపింది. వాటిలో రెండింటికి సీఎన్‌ఎన్ ఛానల్ పెట్టారు, ఒకదానికి వెలుగు పూర్తిగా, రెండోదానికి తక్కువగా. పూర్తి వెలుగులో ఉన్నదానిపైనే ముద్ర ముందు పడింది.

ఓలెడ్ సెట్టింగుల్లో ఉండే ‘పిక్సెల్ రిఫ్రెష్’ అరిగినదాన్ని తిరిగి పుట్టించదు. తేడాను కొలిచి కరెంటు సర్దుతుంది, అంతే. అందుకే లేత మచ్చ కనుమరుగవుతుంది, లోతైనది మిగులుతుంది. దాన్ని అదే పనిగా నొక్కడం మేలు కాదు. యూట్యూబ్‌లోని ‘బర్న్-ఇన్ ఫిక్స్’ రంగుల వీడియోలు అరగని చోట్లనూ అరగదీసి మచ్చను కప్పిపుచ్చడమే చేస్తాయి.

వెలుగు మచ్చల సంగతి. చీకటి గదిలో నల్ల తెరపెట్టి తల అటూ ఇటూ జరిపితే మూలల మెరుపు మారుతోందా? అయితే అది ఐపీఎస్ తెర స్వభావం, లోపం కాదు. మారకుండా అంచు నుంచే తెల్లగా కారుతుంటే అది బిగింపు లోపం, వారంటీలో మార్పించుకోవచ్చు. ఎల్‌సీడీ టీవీలో గుండ్రటి తెల్ల చుక్కలు తేలితే చాలాసార్లు వెనక ఎల్‌ఈడీ మీది చిన్న కటకం ఊడిపడిందన్నమాట. దానికి మరమ్మతు ఉంది. బొటనవేలితో తెర నొక్కి చూడొద్దు, కొత్త మచ్చ పడుతుంది.

ఓలెడ్ మానిటర్ కొనేవారు వారంటీలో బర్న్-ఇన్ ఉందో లేదో చదవాలి. కొన్ని కంపెనీలు మూడేళ్ల పాటు ఇస్తున్నాయి.