మాస్టర్ లేని ఎనిమిది రోజులు

శ్రావణం దగ్గరపడితే లేడీస్ టైలరింగ్ షాపులో సంచులు గుట్టగా పేరుకుంటాయి. ఆషాఢం తగ్గింపుల్లో కొన్న పట్టుచీరల జాకెట్లన్నీ వరలక్ష్మీ వ్రతానికో పెళ్ళి ముహూర్తానికో అందాలి. సరిగ్గా ఆ సమయంలో కటింగ్ మాస్టర్ మంచాన పడితే, షాపు నడిపే ఆవిడ చాలాసార్లు చెప్పే మాట ఒకటే: "మాస్టర్ రాగానే ఇచ్చేస్తామండీ." ఆ మాట నిలబడదు. ఎందుకు నిలబడదో తెలిస్తే ఏం చెప్పాలో కూడా తెలుస్తుంది.

ముందు మాస్టర్ పని సంగతి. కుట్టు తప్పితే విప్పి మళ్ళీ కుట్టవచ్చు. కత్తెర తప్పితే ఆ గుడ్డ పోయినట్టే. చీరతో వచ్చిన జాకెట్టు ముక్క విడిగా దొరకదు. పైగా ఆది జాకెట్టు ఎదురుగా ఉన్నా ఎవరికి చంక దగ్గర వదులు కావాలో, ఎవరికి భుజం జారుతుందో మాస్టర్‌కే గుర్తుంటుంది. అందుకే మిషన్ల మీద నలుగురు ఖాళీగా కూర్చున్నా కత్తెర వాళ్ళ చేతికివ్వరు. రోజుకూలీకి కొత్త మాస్టర్‌ని తెచ్చి పట్టు ముక్కలు కోయించడం నా దృష్టిలో ఆలస్యం కంటే పెద్ద ప్రమాదం.

ఇప్పుడు ఒక చిన్న షాపు లెక్క వేసి చూద్దాం. మాస్టర్ రోజుకు 20 జాకెట్లు కత్తిరిస్తాడు, కుట్టేవాళ్ళు ఆ 20 పూర్తిచేస్తారు, కొత్తవి రోజుకు 16 వస్తాయి. మామూలు రోజుల్లో పని నిలవదు. మాస్టర్ 8 రోజులు రాలేదనుకోండి. ముందే కత్తిరించినవి 40 ఉంటే మిషన్లకు రెండు రోజుల పని. ఈలోగా కత్తెర పడని జాకెట్లు 128 పోగవుతాయి. ఆయన తిరిగొచ్చాక కూడా రోజూ 16 కొత్తవి వస్తూనే ఉంటాయి కాబట్టి, పాత కుప్ప తరిగేది రోజుకు నాలుగు చొప్పునే. అది పూర్తిగా తీరడానికి 32 రోజులు! ఆయన వచ్చిన రెండు వారాల తర్వాత గుడ్డ ఇచ్చినావిడకు కూడా మూడు నాలుగు రోజులు ఆలస్యమవుతుంది. జబ్బు ఎనిమిది రోజులే అయినా, దాని ప్రభావం నెల దాటుతుందన్నమాట.

కాబట్టి ఫోన్ చేసే ముందు సంచులు విడదీయాలి. కత్తిరింపు అయిపోయినవి చెప్పిన రోజుకే అందుతాయి. ఫాల్స్, పీకో, కుచ్చుల పనికి మాస్టర్‌తో సంబంధం లేదు. ఆ కస్టమర్లను కంగారు పెట్టనక్కర్లేదు. మగ్గం వర్క్ జాకెట్లది వేరే కథ. మెడ, చేతుల గీతలు మాస్టర్ గీసిచ్చాకే గుడ్డ మగ్గం ఎక్కుతుంది. దిగాక మళ్ళీ ఆయన కత్తెర కోసమే ఆగుతుంది. రెండుసార్లు ఆగే పని గనుక దానికి ఇంకాస్త దూరపు తేదీ చెప్పాలి.

మిగిలినవాటిలో ముందు ఫోన్ వెళ్ళవలసింది ముందు గుడ్డ ఇచ్చినవాళ్ళకు కాదు, ముహూర్తం దగ్గరపడ్డవాళ్ళకు. రసీదు మీద డెలివరీ తేదీతోపాటు ఫంక్షన్ తేదీ కూడా రాసుకునే షాపులకు ఇది తేలిక. లేకపోతే అడిగి తెలుసుకోవాలి. చెప్పే మాట ఇలా ఉండొచ్చు:

"నమస్తే అండీ. మా కటింగ్ మాస్టర్‌కు ఒంట్లో బాగాలేక వారం రోజులు రావట్లేదు. మీ రెండు జాకెట్లు ఇంకా కత్తిరించలేదు. 14న ఇస్తామన్నవి 22 సాయంత్రం ఇవ్వగలం. అప్పటికి కుదరదంటే ఎల్లుండిలోగా చెప్పండి, గుడ్డ, అడ్వాన్స్ రెండూ తిరిగి ఇచ్చేస్తాం."

మాస్టర్‌కు వచ్చిన జబ్బేమిటో ఊరందరికీ చెప్పనక్కర్లేదు. కానీ గుడ్డకు ఇంకా కత్తెర పడలేదన్న సంగతి తప్పక చెప్పాలి. అది తెలిస్తేనే ఆవిడ ఇంకో షాపుకు పట్టుకెళ్ళగలదు. డెలివరీ రోజు సాయంత్రం చెబితే ఆ దారి కూడా మూసుకుపోతుంది. డబ్బు పుచ్చుకుని ఒప్పుకున్న పని సమయానికి చేయకపోవడం 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం సేవాలోపం కావచ్చు కూడా.

కష్టమైన నిర్ణయం కొత్త ఆర్డర్ల విషయంలో. వచ్చినవాళ్ళను పంపించడానికి ఎవరికీ మనసొప్పదు. కానీ ఆ ఎనిమిది రోజులూ, తర్వాత కొన్ని రోజులూ 16కి బదులు 8 మాత్రమే తీసుకుంటే కుప్ప 64 దగ్గర ఆగుతుంది. మాస్టర్ వచ్చాక రోజుకు 12 చొప్పున తరిగి ఆరు రోజుల్లో తీరిపోతుంది. అంటే కొత్తగా వచ్చినావిడ సంచి తెరవకముందే, కౌంటర్ దగ్గరే, "నెలాఖరుకైతే తీసుకుంటానమ్మా, వ్రతానికైతే ఇవ్వలేను" అని చెప్పేయాలి.