ట్యూబు ఎన్ని రోజులు రావాలి?

హనుమకొండలో ఏ హాస్టల్ రూములోనైనా సబ్బుపెట్టె పక్కన చూడండి, సగం నొక్కేసిన చిన్న ట్యూబు ఒకటి కనిపిస్తుంది. దురదకని ఒకరు కొంటారు, రూమంతా వాడతారు. దాని మీద క్లోబెటసాల్, బీటామెథాసోన్, మోమెటాసోన్, బెక్లోమెథాసోన్, ఫ్లూటికాసోన్... వీటిలో ఏ పేరున్నా అది స్టెరాయిడ్ క్రీమే. పక్కన ఇంకో రెండు మందుల పేర్లు కలిపి ఉన్నా సరే.

ఇది చెడ్డ మందేం కాదు. ఎగ్జిమా, సోరియాసిస్, చెప్పుల పట్టీ పడక వచ్చే ఎలర్జీ లాంటి వాటికి చర్మ డాక్టర్లు రోజూ రాసేదే. చిక్కంతా వాడకంలోనే ఉంది. చీటీ మీద ‘పలుచగా రాయండి’ అని ఉంటుంది. పలుచగా అంటే ఎంత? ఒకరికి శనగగింజంత, ఇంకొకరికి టూత్‌పేస్టంత!

దీనికి 1991లో బ్రిటన్‌లో లాంగ్, ఫిన్లే అనే ఇద్దరు ఒక కొలత చెప్పారు. చూపుడువేలి చివరి నుంచి మొదటి గీత దాకా క్రీమును ఒక వరుసగా నొక్కాలి. ఆ వరుసే ఒక ‘ఫింగర్‌టిప్ యూనిట్’. మగవాళ్ల వేలి మీద అది దాదాపు అర గ్రాము వస్తుంది, ఆడవాళ్ల వేలి మీద కొంచెం తక్కువ, 0.4 గ్రాము. అంత క్రీము రెండు అరచేతుల మేర చర్మానికి సరిపోతుంది. అరచేయి అంటే వేళ్లు దగ్గరగా చేర్చి, వేళ్లతో సహా.

ఇంజినీరింగ్ వాళ్లకి ఓ సరదా లెక్క. ఈ కొలత 5 మిల్లీమీటర్ల మూతి ఉన్న ట్యూబుకి చెప్పింది. వేలి మీద వరుస పొడవు రెండున్నర సెంటీమీటర్లనుకుంటే, ఆ సిలిండర్ ఘనపరిమాణం 0.49 ఘన సెంటీమీటర్లు. అంటే దాదాపు అర గ్రామే. మరి మీ ట్యూబు మూతి 4 మిల్లీమీటర్లే అయితే? వ్యాసం వర్గంతో మారుతుంది కాబట్టి అదే పొడవుకి 64 శాతమే వస్తుంది. సన్నమూతి ట్యూబుకి వరుస ఒకటిన్నర రెట్లు ఉండాలన్నమాట.

ఇప్పుడొక కేసు చూద్దాం. ఫైనలియర్ కుర్రాడొకడు కొత్త చెప్పులు కొన్నాడనుకోండి. పట్టీ తగిలిన చోట రెండు పాదాల మీదా ఎర్రగా, దురదగా పొక్కింది. డాక్టర్ చూసి, చెప్పులు మార్చమని, మోమెటాసోన్ రోజుకి ఒకసారి రాత్రిపూట 14 రోజులు రాయమని చెప్పారు. పాదం మీద పొక్కిన మేర ఒక్కోవైపు రెండు అరచేతులంత ఉంది. ఒక్కో పాదానికి ఒక యూనిట్, రెండింటికీ రెండు యూనిట్లు. అంటే రోజుకి ఒక గ్రాము, 14 రోజులకి 14 గ్రాములు. 15 గ్రాముల ట్యూబు ఒకటి చాలు.

ఈ లెక్కతో ఇంకో లాభం ఉంది. ఆ ట్యూబు అయిదో రోజుకే ఖాళీ అయితే, అవసరానికి మూడు రెట్లు పూసినట్టు. 14 రోజుల తర్వాత కూడా ముప్పావు వంతు మిగిలితే, భయపడి మరీ తక్కువ పూసినట్టు. అదీ మంచిది కాదు, జబ్బు సగమే తగ్గి మళ్లీ లేస్తుంది. తగ్గాక మిగిలిన దాన్ని ఇంకో మచ్చకి దాచుకోవద్దు, రూమ్మేట్‌కి ఇవ్వొద్దు.

ఎంత అన్నది తేలింది. ఎక్కడ అన్నది అంతకన్నా ముఖ్యం, ఎందుకంటే చర్మం ఒళ్లంతా ఒకే మందంలో ఉండదు. 1967లో అమెరికాలో ఫెల్డ్‌మన్, మైబాక్ అనే పరిశోధకులు హైడ్రోకార్టిసోన్ ఏ చోట ఎంత లోపలికి ఇంకుతుందో కొలిచారు. ముంజేతి మీద ఇంకేదాన్ని 1 అనుకుంటే నుదుటి మీద 6, దవడ దగ్గర 13, వృషణాల మీది చర్మంలో ఏకంగా 42. అరికాలిలో మాత్రం ముంజేతిలో ఏడో వంతే. పాదానికి రాసిచ్చిన క్రీమునే గజ్జల్లో పూస్తే ఎందుకు ప్రమాదమో ఈ అంకెలే చెబుతాయి. పైగా గజ్జల్లో, చంకల్లో చర్మం చర్మానికి ఒత్తుకుని ఉంటుంది, చెమట పడుతుంది. కట్టు కట్టినట్టే మందు ఇంకా లోపలికి వెళ్తుంది. నెలల తరబడి పూస్తే అక్కడ ఎర్రటి చారలు పడతాయి. అవి రంగు తగ్గుతాయేమో గానీ పూర్తిగా పోవు.

ఇక ఎన్నాళ్లు? అన్నింటికన్నా ఘాటైన క్లోబెటసాల్‌కి హద్దు స్పష్టంగా ఉంది. వరుసగా రెండు వారాలు మించకూడదు, వారానికి 50 గ్రాములు దాటకూడదు. ముఖానికీ, గజ్జలకీ అది అసలు వద్దు. ముఖానికి అవసరమైతే డాక్టర్లు సాధారణంగా తేలికపాటిది, కొద్ది రోజులకే రాస్తారు. రెండు వారాల్లో గుణం కనిపించకపోతే ఇంకో ట్యూబు కొనడం కాదు, జబ్బు వేరేదేమోనని చూపించుకోవాలి.

చాలాసార్లు అది వేరేదే! వరంగల్ ఎండలకి బిగుతు జీన్సు, సరిగా ఆరని లోదుస్తులు తోడైతే తొడల మధ్య వచ్చేది ఎక్కువగా తామర, అంటే ఫంగస్. స్టెరాయిడ్ పూస్తే రెండు రోజుల్లో దురద, ఎరుపు తగ్గుతాయి. మందు పనిచేసిందనుకుంటాం. నిజానికి ఫంగస్‌తో పోరాడే వాపును మాత్రమే మందు అణిచింది, ఫంగస్ హాయిగా పాకుతోంది. ఆపగానే రెట్టింపై వస్తుంది. గుండ్రటి అంచు చెదిరిపోయి, వలయంలో వలయం కనిపిస్తే అనుమానించండి. అది చూసి గుర్తుపట్టడం డాక్టర్‌కే కష్టమవుతుంది. చర్మం కొద్దిగా గీరి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి మైక్రోస్కోపులో చూస్తే ఫంగస్ సంగతి తేలుతుంది. స్టెరాయిడ్, యాంటీఫంగల్, యాంటీబయోటిక్ కలిపిన ‘త్రీ ఇన్ వన్’ క్రీములతో వచ్చే తంటా కూడా ఇదే.

రెండో తంటా ముఖానిది. ఇంటర్వ్యూ దగ్గరపడుతోందని తెల్లబడటానికో, మొటిమలకో స్టెరాయిడ్ పూసేవాళ్లు తక్కువేం కాదు. మంగు మచ్చలకి కొద్ది వారాలు వాడమని రాసే హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మోమెటాసోన్ మిశ్రమమే ‘ఫెయిర్‌నెస్ క్రీము’గా చేతులు మారుతోంది. ముఖం జబ్బులతో వచ్చినవాళ్లని దేశంలో పలు కేంద్రాల్లో పరిశీలించి 2011లో ప్రచురించిన అధ్యయనంలో, 2,926 మందిలో 433 మంది ముఖానికి స్టెరాయిడ్ వాడుతున్నట్టు తేలింది. మొదటి వారాల్లో ముఖం నున్నగా మెరుస్తుంది. తర్వాత ఎండలోకి వెళ్తే మంట, సన్నటి ఎర్ర నరాలు, గుంపుగా మొటిమలు, కొందరికి బుగ్గల మీద వెంట్రుకలు. పూయడం ఆపితే ముఖం భగ్గుమంటుంది. ఆ మంట తట్టుకోలేక మళ్లీ అదే పూస్తారు.

చర్మ డాక్టర్ల సంఘం ఏళ్ల తరబడి అడిగాక, 2018 మార్చిలో కేంద్ర ప్రభుత్వం 14 స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అంటే చీటీ లేకుండా అమ్మకూడదు. కౌంటర్ దగ్గర ఏం జరుగుతోందో మీకు తెలియంది కాదు.

ఇప్పటికే నెలల తరబడి పూస్తున్నారా? మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపేయకుండా ఈ వారంలోనే ఎంజీఎం ఆసుపత్రి చర్మవ్యాధుల ఓపీకో, దగ్గర్లోని చర్మ డాక్టర్ దగ్గరికో వెళ్లండి. ఎలా తగ్గించాలో, మధ్యలో మంటకి ఏం వాడాలో వాళ్లు చెబుతారు. వెళ్లేటప్పుడు ఆ ట్యూబు, ఖాళీదైనా సరే, జేబులో పెట్టుకోండి. ఎక్కడ పూశారు, ఎన్ని నెలల్లో ఎన్ని ట్యూబులయ్యాయి అన్నది కాగితం మీద రాసుకెళ్తే డాక్టర్ అడిగే మొదటి ప్రశ్నలకి జవాబు మీ చేతిలోనే ఉంటుంది.