పెట్టెకు మూడు రూపాయలు తగ్గాలంటే

గుంటూరు, విజయవాడ, హైదరాబాద్‌ల నుంచి పచ్చళ్లు, పొడులు, పిండివంటలు పార్సిళ్లుగా పంపే చిన్న సంస్థలు చాలానే ఉన్నాయి. మిరపకాయలు కొనేటప్పుడు, నువ్వుల నూనె కొనేటప్పుడు గట్టిగా బేరమాడేవాళ్లు అట్టపెట్టెల దగ్గరికి వచ్చేసరికి ఒకే మాట అంటారు. “ఏడాదికి పన్నెండు వేల పెట్టెలు తీసుకుంటాం, ముందు ముందు ఇంకా పెరుగుతాయి, రేటు కాస్త చూసి వేయండి.” పెట్టెల ఫ్యాక్టరీ యజమాని ఈ మాట రోజూ వింటాడు. కాదంటే ఆర్డరు పోతుంది కాబట్టి కొంత తగ్గిస్తాడు. ఆ తగ్గింపు ఎక్కడి నుంచి వచ్చిందో కొనేవాళ్లు అడగరు. అసలు బేరం అక్కడే ఉంది.

ఒక లెక్క వేసి చూద్దాం. రేట్లు ఊరిని బట్టి, నెలను బట్టి మారతాయి కాబట్టి ఈ అంకెలను ఉదాహరణగానే తీసుకోండి. పెట్టె పొడవు 40, వెడల్పు 30, ఎత్తు 27 సెంటీమీటర్లు. ఐదు ప్లై అట్ట, అంటే మూడు చదును పొరలు, వాటి మధ్య రెండు ముడతల పొరలు. అన్నీ 150 జీఎస్ఎమ్ కాగితమే, అంటే చదరపు మీటరుకు 150 గ్రాములు. ముడతలు వేయడానికి కాగితం సుమారు 1.4 రెట్లు పడుతుంది కాబట్టి, జిగురు కాకుండా అట్ట మొత్తం చదరపు మీటరుకు 870 గ్రాములు తూగుతుంది. పెట్టెకు దాదాపు 730 గ్రాముల కాగితం అన్నమాట. కిలో 36 రూపాయలు అనుకుంటే కాగితానికే 26 రూపాయలు. కరెంటు, జిగురు, కూలి, కత్తిరింపులో పోయే తరుగు, ఆటో బాడుగ, అన్నీ కలిపి ఇంకో 11. ఆయన లాభం 3. చెప్పిన రేటు 40.

ఇప్పుడు “34కి ఇస్తేనే తీసుకుంటాం” అని పట్టుబట్టారనుకోండి. లాభం మొత్తం వదులుకున్నా ఆయనకు 37 పడుతుంది. మిగిలిన మూడు రూపాయలు కాగితంలోంచే రావాలి. 150 బదులు 120 జీఎస్ఎమ్ వాడితే పెట్టెకు ఐదు రూపాయలకు పైగా మిగులుతాయి. అప్పుడు 34కి ఇచ్చినా ఆయనకు రెండు రూపాయలు దక్కుతాయి. చూపుకు పెట్టె అదే, ముద్ర అదే. గోడౌనులో నాలుగు వరుసలు పేర్చినప్పుడు అడుగు వరుస కుంగుతుంది, సీసా పగులుతుంది, పార్సిల్‌లో నూనె కారుతుంది. పెట్టె మీద మిగిలిన ఆరు రూపాయలు ఎన్ని పెట్టెలకు కలిపినా, అలా పాడైన పార్సిళ్ల నష్టానికి చాలవు.

కాబట్టి అడగాల్సిన మొదటి మాట రేటు గురించి కాదు. “మా ఆర్డరులో మీకు ఖర్చు ఎక్కడ పెరుగుతోందండీ?” అని అడగాలి. పని తెలిసిన యజమాని దీనికి నిజమే చెబుతాడు. “మేడమ్, మీ పెట్టెలకు రెండు షీట్లు పక్కపక్కన వేస్తే అంచులతో కలిపి 118 సెంటీమీటర్లు కావాలి. నా దగ్గర రీలు 115. అందుకే ఒక్కొక్కటిగా వేయాల్సి వస్తోంది, పక్కన కాగితం వృథా పోతోంది” అంటాడు. పెట్టె ఎత్తు 25కి తగ్గిస్తే ఆ వెడల్పు 114కి వస్తుంది, రెండూ ఒకేసారి పడతాయి. సీసాల పైన రెండు సెంటీమీటర్ల ఖాళీ ఎలాగూ ఉంటే ఈ మార్పుతో నష్టం లేదు, పైగా నిండుగా ఉన్న పెట్టె తొందరగా కుంగదు. కాగితం తగ్గినందుకు రూపాయి, వృథా తగ్గినందుకు అర్ధరూపాయి మిగులుతాయి.

రెండోది మిషను. ఐదువందల పెట్టెల ఆర్డరైనా, మూడువేల ఆర్డరైనా మిషను సర్దడానికి, ముద్ర బిగించడానికి పట్టే సమయం ఒకటే. ఐదువందల చొప్పున ఏడాదికి ఇరవైనాలుగుసార్లు అడిగే బదులు, మూడువేల చొప్పున నాలుగుసార్లు వేయించి, నెలకు వెయ్యి చొప్పున దింపించుకుంటే ఇంకో రూపాయి తగ్గుతుంది. మీకు చోటూ కలిసొస్తుంది. కాకపోతే మీ పేరు అచ్చయిన పెట్టె ఇంకెవరికీ పనికిరాదు. మీరు మధ్యలో మానేస్తే ఆయన దగ్గర చెత్తకాగితమే మిగులుతుంది. అందుకే “వేసిన సరుకంతా మూడు నెలల్లోపు మేమే తీసుకుంటాం” అని ఆర్డరు కాగితంలోనే రాసివ్వాలి.

మూడోది డబ్బు అందే రోజు. నాకు తెలిసినంతలో బేరాన్ని అన్నిటికన్నా ఎక్కువగా కదిలించేది ఇదే. చిన్న ఫ్యాక్టరీ ఎప్పుడూ అప్పు మీద కాగితం కొంటుంది. రెండు నెలలకు డబ్బిచ్చే మీరు పదిహేను రోజులకే ఇస్తే, నూటికి నెలకు రూపాయిన్నర వడ్డీ చొప్పున పెట్టెకు దాదాపు 90 పైసలు ఆయనకు మిగులుతాయి. నిజానికి రెండు నెలలు ఆపడం చట్టానికే విరుద్ధం. 2006 నాటి ఎమ్‌ఎస్‌ఎమ్‌ఈ చట్టం ప్రకారం, నమోదైన సూక్ష్మ, చిన్న పరిశ్రమకు రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజుల్లోపు కట్టాలి, లేకపోతే 15 రోజుల్లో. 2023-24 నుంచి, ఆ గడువు దాటి కట్టిన మొత్తాన్ని కట్టిన ఏడాదిలోనే ఖర్చుగా చూపుకోనిస్తోంది ఆదాయపు పన్ను శాఖ.

ఈ మూడూ కలిపితే పెట్టెకు మూడు రూపాయల నలభై పైసలు. అందులో మూడు మీరు అడగండి, మిగిలింది ఆయనకే వదిలేయండి. 37 రూపాయలకు అదే బలమున్న పెట్టె వస్తుంది, ఏడాదికి 36 వేలు మిగులుతాయి, ఆయన లాభమూ తగ్గదు. కోపంతో ఇచ్చిన రేటు రెండో లోడు దాకా కూడా నిలవదు కాబట్టి ఆయన లాభాన్ని ముట్టుకోకపోవడం మీ మంచికే.

ఇక చాలాకాలం కొంటామని నమ్మించడం. మాటతో అది జరగదు. పోయిన ఏడాది పెట్టెల బిల్లులు తీసుకెళ్లి ముందు పెట్టండి. నెలవారీ అంచనా రాసివ్వండి. ఆవకాయ కాలంలో ఎన్ని, దసరా, దీపావళి ముందు ఎన్ని, ఆషాఢంలో ఎన్ని అని. “అంచనా పన్నెండు వేలు, కనీసం తొమ్మిది వేలు” అని రెండు అంకెలూ చెప్పండి. ఒక్క పెద్ద అంకె చెప్పి చేరుకోలేకపోతే మరుసటి ఏడాది మీ మాట చెల్లదు. ఇంకో ఫ్యాక్టరీలో తక్కువకు ఇస్తున్నారని లేని కొటేషను చెప్పకండి. కాగితం ధర వాళ్లందరికీ తెలిసిందే, అబద్ధం నిమిషంలో బయటపడుతుంది. నిజంగా కొటేషను ఉంటే, అందులో జీఎస్ఎమ్ ఎంతో, బీఎఫ్ ఎంతో కూడా చూపించండి. బీఎఫ్ అంటే కాగితం ఎంత ఒత్తిడికి పగులుతుందో చెప్పే కొలత.

ఏడాది రేటు కుదుర్చుకునేటప్పుడు ఒక వాక్యం తప్పక ఉండాలి: కాగితం ధర ఐదు శాతానికి మించి పెరిగినా, తగ్గినా రేటు ఆ మేరకు మారుతుంది. పెరిగినప్పుడు మాత్రమే మారే ఒప్పందం మీకు చేటు. అసలు మారని ఒప్పందమైతే, కాగితం ధర పెరిగిన నెలలో జీఎస్ఎమ్ తగ్గుతుంది.

తగ్గిందని పట్టుకోవడం కష్టం కాదు. మొదట ఒప్పుకున్న నమూనా పెట్టె మీద ఇద్దరూ సంతకం చేసి దాచండి. లోడు వచ్చినప్పుడు ఏదో ఒక పెట్టెలోంచి పది సెంటీమీటర్ల చదరపు ముక్క కోసి, బంగారం తూచే చిన్న కాటా మీద పెట్టండి. మన ఉదాహరణలో అది 8.7 గ్రాములు, జిగురుతో కాస్త ఎక్కువ ఉండాలి. ఏడు దగ్గర ఆగితే కాగితం మారింది. వానాకాలంలో అట్ట తేమ పీల్చి బరువెక్కుతుంది కాబట్టి నమూనా ముక్కనూ, కొత్త ముక్కనూ ఎండలో ఆరబెట్టి పక్కపక్కన తూచండి. బరువు సరిపోయినా నాసిరకం కాగితం కావచ్చు. అది తూకంలో తెలియదు. ఆరునెలలకోసారి ఒక పెట్టెను ప్యాకేజింగ్ ల్యాబులో పగులు పరీక్షకు పంపడమే దారి.

ఇవన్నీ చేశాక మీవైపు మిగిలేది ఒక్కటే. మొదటి బిల్లు పదిహేనో రోజుకు కట్టండి. అది ఇరవైఐదో రోజుకు జరిగితే, మీరు రాసిచ్చిన అంచనా కాగితాన్ని ఆయన మళ్లీ తీసి చూడడు, తరువాతి లోడుకు పాత రేటే వేస్తాడు.