చేసిన పనినే వాళ్ల మాటల్లో చెప్పాలి

విజయవాడలో ఒక మందుల హోల్‌సేల్ ఏజెన్సీలో మూడేళ్లుగా లెక్కలు చూస్తున్న అమ్మాయి హైదరాబాద్‌లో అకౌంట్స్ ఎగ్జిక్యూటివ్ ఉద్యోగానికి అప్లై చేస్తోందనుకుందాం. రెజ్యూమెలో ఆమె రాసుకున్నది ఒకే లైను: ‘కొనుగోలు బిల్లుల ఎంట్రీ, పార్టీల లెక్కలు, బ్యాంకు పని.’ కంపెనీ ప్రకటనలో కనిపించేవి వేరే మాటలు: అకౌంట్స్ పేయబుల్, వెండర్ రీకన్సిలియేషన్, జీఎస్టీ రిటర్నులు, టాలీ ప్రైమ్, శాప్. రెజ్యూమెల రాశిలో హెచ్ఆర్ వాళ్లు ‘వెండర్ రీకన్సిలియేషన్’ అని కొట్టి వెతికితే, రోజూ ఆ పనే చేస్తున్నా ఆమె పేరు పైకి రాకపోవచ్చు.

ప్రకటనలో ప్రతి మాటా ఏరుకోనక్కర్లేదు. చేయాల్సిన పనుల కింద, తప్పనిసరి అర్హతల కింద ఉన్నవి, ముఖ్యంగా రెండు చోట్లా వచ్చినవి చాలు. ‘డైనమిక్’, ‘టీమ్ ప్లేయర్’ లాంటివి వదిలేయవచ్చు. ఏరిన ఒక్కో మాట దగ్గరా ఆగి, ఈ పని నేను ఏ కాగితాలు ముందు పెట్టుకుని చేశాను అని అడగాలి.

నెలాఖరున మందుల కంపెనీలు పంపిన స్టేట్‌మెంట్లను ఆమె తన లెడ్జర్లతో పోల్చి చూస్తుంది. గడువు తీరి వాపసు పంపిన సరుక్కి క్రెడిట్ నోటు రాకపోతే ఫోన్ చేసి అడుగుతుంది. వెండర్ రీకన్సిలియేషన్ అంటే అదే. కాబట్టి ‘పార్టీల లెక్కలు’ తీసేసి, ‘నెలనెలా 40 మంది సప్లయర్ల స్టేట్‌మెంట్లు టాలీ ప్రైమ్ లెడ్జర్లతో సరిచూసే వెండర్ రీకన్సిలియేషన్, రావాల్సిన క్రెడిట్ నోట్ల వసూలు’ అని రాయవచ్చు. ఆ 40 ఆమె లెడ్జర్లో లెక్కపెట్టిన సంఖ్యే కావాలి.

జీఎస్టీ దగ్గర జాగ్రత్త పడాలి. రిటర్ను ఫైల్ చేసేది ఆడిటర్. ఆమె చేసేది, పోర్టల్‌లో వచ్చే GSTR-2B తో కొనుగోలు బిల్లులు సరిచూసి వివరాలు ఆయనకివ్వడం. ‘జీఎస్టీ రిటర్నుల ఫైలింగ్’ అని రాసుకుంటే ఇంటర్వ్యూలో GSTR-3B గురించి రెండో ప్రశ్నకే దొరికిపోతుంది. ‘GSTR-2B సరిచూపు, జీఎస్టీ రిటర్నులకు వివరాల తయారీ’ అంటే వెతికేవాళ్లకు కావాల్సిన మాటా ఉంటుంది, అబద్ధమూ ఉండదు. సప్లయర్ బిల్లు 2B లో కనపడకపోతే ఏం చేస్తారని అడిగినా ఆమె తడుముకోకుండా చెప్పగలదు.

శాప్ ఆమె ముట్టుకోలేదు, అది రెజ్యూమెలోకి రాకూడదు. కొందరు ఇలాంటి మాటల్ని పేజీ అడుగున తెల్లటి అక్షరాల్లో దాస్తారు. సాఫ్ట్‌వేర్ అక్షరాలను మాత్రమే బయటికి తీస్తుంది, రంగును కాదు. దాచినదంతా అవతలివాళ్ల స్క్రీన్ మీద మామూలుగానే కనిపించవచ్చు.

ఏరిన మాటలు పని వివరాల్లోనే కలపాలి, హోదాలో కాదు. అకౌంటెంట్‌గా చేరిన మనిషి ‘అకౌంట్స్ పేయబుల్ స్పెషలిస్ట్’ అని మార్చుకుంటే, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో రిలీవింగ్ లెటర్ తీసి చూసినప్పుడు రెండూ కలవవు. చేతికొచ్చిన ఆఫర్ అక్కడే పోవచ్చు.