దిద్దని పేరు

కథలో ఇద్దరే మనుషులు. పదవీ విరమణ చేసిన తెలుగు మాస్టారు ఒకరు, గోడవతలి ఇంటావిడ ఒకరు. ఆదివారం సాయంత్రం ఆవిడ రూళ్ల కాగితం పట్టుకుని వచ్చింది.

"రేపు సోమవారం కదా మాస్టారూ, కలెక్టరేట్‌లో ఇవ్వాలి. ఒక్కసారి చూసి పెట్టండి."

ఆంధ్రప్రదేశ్‌లో సోమవారమంటే జిల్లా కేంద్రాల్లో అర్జీల రోజు. మొన్నటిదాకా దాన్ని 'స్పందన' అన్నారు, 2024 నుంచి 'ప్రజా సమస్యల పరిష్కార వేదిక' అంటున్నారు. తెలంగాణలో ఇదే పని 'ప్రజావాణి' పేరుతో జరుగుతుంది. ఆవిడ అర్జీ చిన్నదే: భర్త పోయాడు, పొలం తన పేరు మీదికి మార్చమని పెట్టుకుంది, ఇంకా మార్చలేదు.

మాస్టారి చెయ్యి అలవాటు కొద్దీ జేబులోని ఎర్ర పెన్ను మీదికి పోయింది. వెంటనే ఆగి, కిటికీలోని పెన్సిలు అందుకున్నాడు. మొదటి వరుసలోనే 'నా బర్త', రెండో వరుసలో 'మ్రుతి'. అక్షరం కింద సన్నగా చుక్క పెట్టి ముందుకు సాగాడు. వాటివల్ల అర్జీకి వచ్చే నష్టమేమీ లేదు. గుమాస్తా ఎవరైనా 'బర్త'ను భర్త అనే చదువుకుంటాడు.

నాలుగో వరుసలో పెన్సిలు ఆగిపోయింది. 'మా పొలానికి తూర్పున ఉన్న గుట్ట వరకు' అని ఉంది.

"ఏమ్మా, మీ పొలం పక్కన గుట్ట ఎక్కడుంది?"

"గుట్టేమిటి మాస్టారూ, గట్టు! మా మరిది వాళ్లకీ మాకూ మధ్య గట్టు."

ట కింద ఉండాల్సిన కొమ్ము గ దగ్గరికి జారింది. గట్టు మీద పశువులు నడుస్తాయి, గుట్ట చాలాచోట్ల రికార్డుల్లో ప్రభుత్వ పోరంబోకు. మనిషి ఎదురుగా ఉంటే అడిగి తెలుసుకుంటారు. ఫైల్లోకి పోయిన కాగితాన్ని అడిగేవారుండరు. ఆ మాట చుట్టూ సున్నా చుట్టాడు.

తర్వాత విస్తీర్ణం. ఆవిడ '1.5' అని రాసింది. పాసుపుస్తకం తెమ్మని చూశాడు: 1.05. అంటే ఎకరం అయిదు సెంట్లు. ఎకరానికి వంద సెంట్లు కాబట్టి చుక్క తర్వాత రెండు అంకెలు ఉండి తీరాలి. 1.5 అంటే లెక్కకు ఎకరం యాభై. నోటితో 'ఎకరమూ అయిదు' అనే మాట అలాగే కాగితం మీదికి దిగితే, ఒక సున్నా లేకపోవడంతో నలభై అయిదు సెంట్లు ఎక్కువ అడిగినట్టవుతుంది. అంకెల పక్కనే 'ఒక ఎకరం అయిదు సెంట్లు' అని అక్షరాల్లో కూడా రాయమన్నాడు. అంకె తప్పినా అక్షరం పట్టిస్తుంది.

ఇక మిగిలింది పేరు. పోయినాయన పేరు సత్తెయ్య అనుకుందాం. అర్జీలో అలాగే ఉంది. ముప్పై ఏళ్లు ప్రకృతి వికృతులు చెప్పిన మనిషికి 'సత్తె' పక్కన 'సత్య' కనబడకుండా ఉండదు. పెన్సిలు మొన దించబోయి, పాసుపుస్తకం మళ్లీ తిప్పాడు. అక్కడా సత్తెయ్యే. ఆధార్‌లో, మరణ పత్రంలో మాత్రం సత్యయ్య.

"దరఖాస్తు తిప్పి పంపినప్పుడు ఏమన్నారమ్మా?"

"పేర్లు కలవట్లేదన్నారు."

అసలు ముడి అక్కడుంది. ఆయన దిద్ది ఉంటే అర్జీలోని పేరు ఆధార్‌తో కలిసేది, పొలం ఉన్న పుస్తకంతో విడిపోయేది. పేరుకు వ్యాకరణం లేదు, రికార్డులో ఎలా ఎక్కితే అదే దాని అక్షరక్రమం. అందుకే పేరు జోలికి పోకుండా, దాని పక్కన ఒక వాక్యం చేర్చమన్నాడు: పాసుపుస్తకంలో సత్తెయ్యగా, ఆధార్, మరణ పత్రాల్లో సత్యయ్యగా నమోదైన వ్యక్తి ఒక్కరే. దానికి రుజువుగా మూడింటి జిరాక్సులూ, కుటుంబ సభ్యుల పత్రమూ జత చేయమన్నాడు. పేరు తేడాను ఆ ఒక్క వాక్యమే తీర్చేయదు, అధికారి విచారించాలి. కానీ దేన్ని విచారించాలో ఆయనకు మొదటి పేజీలోనే తెలుస్తుంది.

"మీరే రాసి ఇవ్వకూడదూ?"

"నీ అర్జీ నీ చేతిరాతలోనే ఉండాలమ్మా. కొట్టివేతలు లేకుండా ఇంకో కాగితం మీద ఎత్తి రాయి. ఒక కాపీ నీ దగ్గర ఉంచుకో. అక్కడ రసీదు నంబరు ఇస్తారు, అది లేకుండా తిరిగి రాకు."

అరుగు మీదే కూర్చుని రాసింది. మాస్టారు పేపరు చదువుతున్నట్టు కూర్చున్నాడు. కాసేపటికి పెన్ను ఆగింది.

"మాస్టారూ, 'ధృవీకరణ' కింద చుక్క పెట్టారేం?"

"ధ-కు రావొత్తు, కొమ్ము. 'ధ్రు' అని రాయాలి."

ఆవిడ మరణ పత్రం తీసి ఆయన ముందు పెట్టింది. పైన అచ్చులో పెద్ద అక్షరాలతో 'ధృవీకరణ' అనే ఉంది.

మాస్టారు కళ్లజోడు సర్దుకుని రెండుసార్లు చూశాడు. రబ్బరు తీసుకుని తాను పెట్టిన చుక్కను చెరిపేశాడు.